ఆరు వందలకు కొట్టిన టెంకాయ

నాకు లెక్కలు వచ్చు. వయసులో ఉన్నప్పుడు ఈ మాట గట్టిగా అనేవాణ్ణి, ఎదుటివాళ్లకు రావని వాళ్లకే వినపడేటట్టు. బి.కాం. పాసైన ఏడాదికే బళ్ళారి నుంచి సిరుగుప్పకు పోయే రోడ్డు మీద ఒక సేద్యపు పనిముట్ల కార్ఖానాలో లెక్కల గుమాస్తాగా కుదిరాను. కుర్చీ కొత్తది, చొక్కా ఇస్త్రీది, పొగరు సొంతది.

కార్ఖానాకు ఇద్దరు యజమానులు. ఒకాయన తరతరాలుగా ఇక్కడే ఉన్న భూస్వామి. ఆయన్ని అందరూ ధణి, అంటే కన్నడంలో దొర, అనేవాళ్లు, నేనూ అదే అనేవాణ్ణి. రెండో ఆయన కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర వరి పెట్టిన మా వైపు మనిషి. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే, నాకు బాబాయి వరస. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. డబ్బు ఒకరిది, షెడ్డూ పరపతీ ఇంకొకరివి కాబట్టి కలిసి ఉన్నారు, అంతే.

అక్కడ తయారయ్యేవి రెండే. ఒకటి ఇనుప మడక, అంటే నాగలి. నల్లరేగడి మెట్ట పొలాలకు అదే కావాలి. రెండోది దమ్ము చక్రం. వరి మళ్లలో బురద కలపడానికి ఎద్దులకు కట్టి లాగిస్తారు. చక్రాన్ని వేరే బట్టీలో తుక్కు ఇనుము కరిగించి మేమే పోతపోసేవాళ్లం. మడకకు మాత్రం ఉక్కు పలక కొనాలి. ఆ పలకను కొలిమిలో కాల్చి సాగగొట్టేది కొలిమి మేస్త్రీ, ఆయన కింద నలుగురు. పలకలు దాచే ఉక్కు కొట్టు తాళం కూడా మేస్త్రీ మొలతాడుకే ఉండేది.

ఆ మేస్త్రీకీ నాకూ మొదటి వారంలోనే చెడింది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. కొలిమి పక్కకు నేను వెళ్తే, "కాయితాలు కాలుతాయి, దూరం నిలబడప్పా" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు నాకు ఒళ్లు మండించేది. బదులుగా నేను ఆయన కూలి చీటీల్లో తప్పులు వెతికి ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. ఉన్నవీ కొట్టేశాను, లేనివీ కొట్టేశాను.

చేరిన రెండో నెలలో ధణి నన్ను పిలిచాడు.

"ఏడాదికి ఎన్ని అమ్మితే మనం మునగకుండా ఉంటామప్పా? పొడుగు కతలు వద్దు. ఒక్క అంకె చెప్పు."

నేను చదివిన చదువుకు సరిగ్గా సరిపోయిన ప్రశ్న. రెండు రోజులు కూర్చుని తేల్చాను. మడక ధర అరవై రూపాయలు. ఉక్కు, బొగ్గు, పీసు కూలి, ఏజెంటు కమీషను పోగా మిగిలేది ఎనిమిది. చక్రం ధర ఎనభై, దాని ఖర్చులు నలభై, మిగిలేది నలభై. సరుకు అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చులు వేరే ఉన్నాయి: షెడ్డు బాడుగ, నెల జీతాలు, కరెంటు, బ్యాంకు వడ్డీ. అవి నెలకు పన్నెండు వందలు, ఏడాదికి పద్నాలుగు వేల నాలుగు వందలు. అంతకు ముందు ఏడాది మడకలూ చక్రాలూ సమానంగా అమ్ముడయ్యాయి. ఒక మడక, ఒక చక్రం కలిస్తే మిగులు నలభై ఎనిమిది, పీసుకు సగటున ఇరవై నాలుగు. పద్నాలుగు వేల నాలుగు వందల్ని ఇరవై నాలుగుతో భాగిస్తే ఆరు వందలు. అదే గట్టెక్కే అంకె. ఆరు వందలు దాటాక అమ్మే ప్రతి పీసూ లాభమే.

నా కాగితం మీద 'రెండూ సమానంగా అమ్ముడైతేనే' అని ఒక వాక్యం రాశాను. ధణి ఆ కాగితం తిరగేసి చూసి, ఆ వాక్యం ఉన్న చోటు మీదే చెయ్యి పెట్టి, "ఆరునూర్లు. సాలు" అన్నాడు. నేను సరిదిద్దలేదు. ఒక్క అంకెతో పెద్దమనిషి మెప్పు దొరికితే దానికి తోక తగిలించడం ఎందుకనుకున్నాను.

ఆ అంకెను గేటు పక్క తెల్ల గోడ మీద నిలువెత్తున రాయించారు. కార్ఖానాకు అదొక పద్ధతి అయిపోయింది. గేటు దాటే ప్రతి పీసుకూ వాచ్‌మన్ బొగ్గుతో ఒక గీత గీసేవాడు. మడకకూ ఒకే గీత, చక్రానికీ ఒకే గీత. ఆరు వందలవ గీత పడిన రోజు గోడకు పసుపు కుంకుమ పెట్టి ధణి స్వయంగా టెంకాయ కొట్టాలి, అందరికీ బూందీ పంచాలి. నేనే పూజారినైన గుడిలా ఉండేది ఆ గోడ.

రాయించిన రోజున మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

"ఆరునూర్లంటే మడకలా, చక్రాలా అప్పా?"

"ఏవైనా ఒకటే. నీకెందుకు? నీ కొలిమి చూసుకో," అన్నాను.

వెక్కిరించడానికే అడిగాడనుకున్నాను. ఆయన కొలిమి దగ్గరికి వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది మూడు వందల యాభై మడకలు, మూడు వందల యాభై చక్రాలు పోయాయి. మొత్తం ఏడు వందలు. గోడ చెప్పినట్టే ఆరు వందలు దాటిన వంద పీసులకు ఇరవై నాలుగేసి చొప్పున రెండు వేల నాలుగు వందల లాభం, రూపాయి అటూ ఇటూ కాకుండా వచ్చింది. బజారులో ధణి నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. నా తల ఆకాశానికి తగిలింది.

రెండో ఏడు కాలువ మరమ్మతులని నీళ్లు ఆలస్యంగా వదిలారు. వరి సగం కూడా పడలేదు. చక్రాలు అడిగేవాళ్లు తగ్గారు. మెట్టలో మాత్రం వాన ముందే పడింది. ధణి లారీలో మడకలు వేసుకుని దేశనూరు వైపు ఊరూరూ తానే తిరిగాడు. ఏజెంటుకు కమీషను పీసు లెక్కన కాబట్టి వాడికీ తొందరగా అమ్ముడయ్యే మడకే ముద్దు. గోడ మీద గీతలు గబగబా నిండాయి. పోయినేటి కంటే రెండు నెలలు ముందే టెంకాయ కొట్టారు. ఏడాది ఆఖరుకు ఎనిమిది వందల గీతలు. ధణి నన్ను అడగకుండా తనే లెక్క వేసుకున్నాడు: రెండు వందలు ఎక్కువ, ఇరవై నాలుగేసి చొప్పున నాలుగు వేల ఎనిమిది వందల లాభం. ఊళ్లో చెప్పుకున్నాడు కూడా.

నేను పుస్తకాలు ముగించేసరికి పదహారు వందల నష్టం తేలింది.

రెండుసార్లు కూడి చూశాను. మూడోసారి కూడాను. అంకె కదలలేదు.

ధణి ముఖం నల్లబడింది. "పోయినేడు ఏడునూర్లు అమ్మితే లాభం. ఈ ఏడు ఎనిమిదినూర్లు అమ్మితిమి. అమ్మకం రూపాయల్లోనూ మూడు వేలు ఎక్కువుండాది. మరి లాభం యాడికి పోయె?"

బాబాయి ఆ రోజు సిరుగుప్ప నుంచి బస్సులో వచ్చి కూర్చున్నాడు. కొనుగోళ్ల పుస్తకం తనే లాక్కుని తిరగేశాడు. ఉక్కు పలకల పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇదిగోనండీ. పీసులు పెరిగింది వంద. ఉక్కు చూస్తే పోయినేటికి ఒకటిన్నర రెట్లు దాటింది. ఈ ఉక్కంతా ఎక్కడికి పోయినట్టు? తాళం ఎవరి దగ్గరుందో ఆయన్నడగండి."

మేస్త్రీని పిలిచారు. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఉక్కు అమ్ముకున్న్యావా?" అన్నాడు ధణి.

"నేనా?"

"నువ్వు కాకుంటే ఇంగెవరు? తాళం నీ తానే కదా ఉండేది."

"అంతా మడకలకే పోయింది ధణీ. ఈ ఏడు మడకలు ఎన్ని కొడితిమో మీకు తెల్వదా?"

"పీసులు పెరిగింది నూరే. గోడ చూడు పో."

సోమవారం దాకా గడువు పెట్టారు. ఆ లోపల ఉక్కు సంగతి తేలకపోతే పోలీసులు. కొలిమి ఆగడానికి వీల్లేదు, చేతిలో ఆర్డర్లున్నాయి. అందుకని మేస్త్రీ పని చేస్తూనే ఉండాలి, సాయంత్రం పోయేటప్పుడు మాత్రం గేటు దగ్గర సోదా ఇవ్వాలి.

నాకు సంగతి ఆ మధ్యాహ్నమే అర్థమైంది. అమ్మకాల చీటీలు విడదీసి రెండు కుప్పలు పెట్టాను. మడకలు ఆరు వందలు, చక్రాలు రెండు వందలు. మూడుకు ఒకటి. ఇక కలం పట్టాల్సిన పని కూడా లేదు. సమానంగా పోయినప్పుడు సగటు మిగులు ఇరవై నాలుగు. మూడుకొకటైతే మూడు మడకల మీద ఇరవై నాలుగూ చక్రం నలభై కలిపి అరవై నాలుగు, నాలుగు పీసులకు. సగటు పదహారే. పద్నాలుగు వేల నాలుగు వందలకు పదహారు చొప్పున గట్టెక్కాలంటే తొమ్మిది వందలు కావాలి. మేం అమ్మింది ఎనిమిది వందలు. తక్కువైన వందకు పదహారేసి, పదహారు వందల నష్టం. ఒక్క రూపాయి ఎవడూ తినలేదు. ఉక్కు కూడా అంతే. చక్రానికి ఉక్కు పలక అక్కర్లేదు, మడకకే కావాలి. మడకలు మూడు వందల యాభై నుంచి ఆరు వందలకు పెరిగితే ఉక్కు పెరగక చస్తుందా?

లేచి ధణి గదిలోకి పోయి ఆ మాట చెప్పడానికి పది అడుగులు చాలు. నేను పోలేదు. పోతే మొదట చెప్పాల్సింది, గోడ మీది అంకె సగం మాటేనని, ఆ సగం మింగింది నేనేనని. అంతకంటే నీచమైన సంగతి ఇంకొకటుంది, దాన్నీ రాస్తాను. ఆ మనిషి నాలుగు రోజులు తల వంచుకుని తిరగడం చూడటం నాకు హాయిగా ఉండింది.

మొదటి సాయంత్రం వాచ్‌మన్ ఆయన సద్ది మూట విప్పి దులిపాడు. రెండో రోజు చెప్పులు విప్పించాడు. మూడో రోజు పంచె దులపమన్నాడు. కొలిమి వాళ్లు నలుగురూ చూస్తూ నిలబడ్డారు, ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ పంచె దులిపి, మళ్లీ కట్టుకుంటూ, ఆఫీసు కిటికీలో ఉన్న నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉంటే బాగుండేది. ఏమీ లేదు.

సోమవారం పొద్దున బాబాయి ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టాడు.

"అబ్బాయ్, రాయి. ఉక్కు కొట్టులో ఆరు వేల నాలుగు వందల రూపాయల సరుకు లోటు తేలిందని, లెక్కలు చూసిన గుమాస్తాగా నువ్వే రాసి సంతకం పెట్టు. స్టేషనుకు నేను తీసుకెళ్తాను."

రావాల్సిన నాలుగు వేల ఎనిమిది వందలకు నష్టం పదహారు వందలు కలిపి ఆయన దాన్ని ఉక్కు అనుకున్నాడు. ఆ అంకె నా చేతి రాతతో, నా సంతకంతో పోలీసుల దగ్గరికి పోతుంది. రేపు ఎవరైనా చీటీలు విడదీసి కూడితే అబద్ధం నాది. నన్ను కదిలించింది జాలి అని చెప్పుకోవడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు నోరు రాదు. భయం.

"రాయను బాబాయి గారూ. ఉక్కు పోలేదు," అన్నాను.

ఇద్దరినీ ముంగిట్లోకి తీసుకొచ్చాను. కాగితం మీద చెబితే మళ్లీ చెయ్యి అడ్డం పెడతాడని. ఒక మడకనూ ఒక చక్రాన్నీ పక్కపక్కన పెట్టించాను.

"ధణీ, పోయినేడు అమ్మకం ఇట్లా జోడీగా పోయింది. జోడీకి మనకు మిగిలింది నలభై ఎనిమిది. మూడు వందల జోడీలు పోతే ఖర్చులకు సరి. మూడు వందల జోడీలంటే ఆరు వందల పీసులు. గోడ మీద రాసింది అదే."

ఇంకో రెండు మడకలు తెచ్చి పక్కన పెట్టించాను.

"ఈ ఏడు పోయింది ఇట్లా. మూడు మడకలకు ఒక చక్రం. నాలుగు పీసులకు మిగిలేది అరవై నాలుగే. ఇట్లాంటి గుంపులు రెండు వందల ఇరవై అయిదు పోతే కానీ గట్టెక్కం. అంటే తొమ్మిది వందల పీసులు. మనం ఎనిమిది వందల దగ్గర ఆగిపోయాం. టెంకాయ కొట్టిన రోజుకు మనం ఇంకా నీళ్లలోనే ఉన్నాం."

"మరి ఆరునూర్లని నువ్వే కదా రాసింది?"

"రెండూ సమానంగా పోతేనే ఆరు వందలు. అమ్మకాల పాళ్లు మారితే అంకె మారుతుంది. ఒక్క మడకలే అమ్మితే పద్దెనిమిది వందలు కావాలి. ఒక్క చక్రాలే అయితే మూడు వందల అరవై చాలు. ఆ మాట గోడ మీద రాయించలేదు. తప్పు నాది. ఉక్కు కొట్టులో ఉన్న పలకలు ఇప్పుడే లెక్కపెట్టండి, ఆరు వందల మడకలకు పట్టింది తీసేస్తే సరిపోతుంది."

లెక్కపెట్టారు. సరిపోయింది. బాబాయి తెల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సు టైమైందన్నాడు.

కొలిమి దగ్గర నిలబడి ఇదంతా వింటున్న మేస్త్రీ ఒకే ఒక మాట అన్నాడు. "ఆ పొద్దు నేను అడిగింది ఇదే కదప్పా. మడకలా, చక్రాలా అని."

నేను నేల చూశాను. ధణి మాత్రం ఆ మాట వినలేదు. ఆయన కళ్లు ముందున్న మూడు మడకల మీదే ఉన్నాయి.

"ఒక మడకకు ఎనిమిదే రూపాయలా?"

"అవునండీ."

"ఎనిమిది రూపాయల కోసమా నేను ఊర్లూరూ తిరిగి దుమ్ము తినింది?" గొంతు పెరిగింది. దొంగ దొరకని కోపమంతా ఇప్పుడు ఇనుము మీదికి మళ్లింది. "చక్రానికి నలభై వస్తాంటే ఈ మడకలు మనకెందుకు? సుమ్మనే దండగ. కొలిమి మూసేయండి. రేపటి నుంచి చక్రాలే."

"ధణీ, అట్లా కాదు. ఎనిమిదైనా అది మిగులే. మడకలు తీసేస్తే వాటి మీద వచ్చిన నాలుగు వేల ఎనిమిది వందలు పోతాయి. కొలిమి మూస్తే తగ్గేది మేస్త్రీ జీతం, ఏడాదికి వెయ్యిన్ని ఎనభై. బాడుగ తగ్గదు, వడ్డీ తగ్గదు. మడకలు ఆపినంత మాత్రాన చక్రాలు కొనేవాళ్లు పెరగరు. నష్టం ఇంకా పెరుగుతుంది."

"మూడునూట అరవై చాలని ఇప్పుడే నువ్వే అంటివే?"

"అన్నాను, కానీ కాలువలో నీళ్లు లేకపోతే అన్ని చక్రాలు ఎవరు కొంటారు? ఈ ఏడు పోయింది రెండు వందలే."

"అదేంది ఇదేంది అని పూటకొక అంకె చెప్తాండావు. నాకు ఒక్కటే అంకె కావల్ల. మూడునూట అరవై. పో, గోడ మీద రాయించు."

రెండేళ్ల కిందట ఒక్క అంకె చాలని ఆయనకు అలవాటు చేసింది నేనే. ఇప్పుడు ఎంత అరిచినా లాభం లేకపోయింది. అరిచాను కూడా. నోర్మూసుకోమన్నాడు.

మేస్త్రీకి ఆ నెల జీతం నేనే లెక్కగట్టి ఇవ్వాల్సి వచ్చింది. ఆఫీసు బల్ల అవతల నిలబడ్డాడు. కొలిమి తాళం, ఉక్కు కొట్టు తాళం బల్ల మీద పెట్టాడు. కూలి చీటీల్లో నేను ఎర్ర సిరాతో కొట్టేసిన పైసలన్నీ తిరిగి కలిపాను. ఆయన నోట్లు లెక్కపెట్టుకోలేదు, మడిచి పంచె చెరుగులో కట్టుకున్నాడు.

"మేస్త్రీ, నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన వినలేదు," అన్నాను. అదే మొదటిసారి ఆయనతో మెత్తగా మాట్లాడటం.

"ఇది ఎప్పుడు తెల్సె నీకు?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"గురువారం. మధ్యాహ్నం."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. గురువారం, శుక్రవారం, శనివారం, సోమవారం. ఆదివారం కొలిమి లేదు. నాలుగో వేలు దగ్గర ఆపాడు.

"దొంగనని అనిన్నాళ్లూ నాకు పని ఉండెనప్పా," అన్నాడు. "నువ్వు నోరు తెరిచి దొంగ కాదంటివి. పని పాయె."

కోపంగా అనలేదు. కూలి చీటీ చదివినట్టు చదివాడు. ఇంత లెక్క వచ్చిన నాకు దాంట్లో కొట్టేయడానికి ఒక్క తప్పు కనపడలేదు. ఆయన గేటు దాకా నడిచి, అలవాటు కొద్దీ వాచ్‌మన్ ముందు ఆగి, సద్ది మూట తనే విప్పి చూపించాడు.